నియంత్రణ సంస్థ విచారణ: బీమా సంస్థకు ఎప్పుడు తెలియజేయాలి?

అగ్ని బీమాలో ప్రమాదం జరిగిన రోజున అమలులో ఉన్న పాలసీ నష్టాన్ని భరిస్తుంది. డైరెక్టర్లు, అధికారుల బాధ్యతా బీమా అలా పనిచేయదు. ఇది సాధారణంగా ‘క్లెయిమ్స్ మేడ్’ పద్ధతిలో ఉంటుంది. అంటే తప్పు జరిగిందంటున్న సంవత్సరపు పాలసీ కాక, క్లెయిము వచ్చిన సంవత్సరపు పాలసీ వర్తిస్తుంది. ఆ క్లెయిమును పాలసీలో చెప్పిన గడువులోగా బీమా సంస్థకు రాతపూర్వకంగా తెలియజేయాలి కూడా.

దావా వేస్తే క్లెయిము ఏ రోజున వచ్చిందో సులభంగా చెప్పవచ్చు. నియంత్రణ సంస్థ విచారణ మాత్రం మెట్లు మెట్లుగా సాగుతుంది. చిక్కంతా ఇక్కడే ఉంది. ఒక ఉదాహరణ చూద్దాం.

ఒక లిస్టెడ్ కంపెనీ పాలసీ కాలం 2023 ఏప్రిల్ 1 నుండి 2024 మార్చి 31 వరకు అనుకుందాం. ఫిబ్రవరి 10న కొన్ని లావాదేవీల వివరాలు కోరుతూ సెబీ లేఖ రాసింది. అందులో ఎవరిపైనా ఆరోపణ లేదు. కంపెనీ కార్యదర్శి మామూలు ఉత్తరమే అనుకొని జవాబు పంపి ఊరుకున్నారు. ఏప్రిల్ 1న మరో బీమా సంస్థ నుండి కొత్త పాలసీ తీసుకున్నారు. జూన్‌లో సెబీ చట్టం 11సి సెక్షన్ కింద మేనేజింగ్ డైరెక్టరుకు సమన్లు వచ్చాయి.

పాత బీమా సంస్థ ‘మా పాలసీ ముగిశాక వచ్చిన క్లెయిము ఇది’ అంటుంది. కొత్త సంస్థ ప్రతిపాదన పత్రాన్ని ముందు పెడుతుంది. క్లెయిముకు దారితీయగల విషయాలేవైనా తెలుసా అన్న ప్రశ్నకు అందులో ‘లేదు’ అని రాసి ఉంది. డైరెక్టరు రెండు పాలసీల మధ్య చిక్కుకుంటాడు.

దీనికి విరుగుడు చాలా పాలసీలలోనే ఉంటుంది. క్లెయిము ఇంకా రాకపోయినా, రావచ్చని తోచే పరిస్థితులను పాలసీ కాలంలోనే తెలియజేయవచ్చు. ఫిబ్రవరి లేఖను మార్చి 31 లోగా ఇలా తెలియజేసి ఉంటే, జూన్ సమన్లు పాత పాలసీ కాలంలో వచ్చినట్లే పరిగణించేవారు. అయితే ‘సెబీ విచారణ జరుగుతోంది’ అన్న ఒక్క వాక్యం చాలదు. ఏ లావాదేవీలు, ఏ తేదీలు, ఏ అధికారులు, ఎవరి నుండి ఎలాంటి ఆరోపణ రావచ్చు అన్నవి రాసి, లేఖ ప్రతిని జతచేయాలి. నోటీసును పాలసీలో ఇచ్చిన చిరునామాకే పంపాలి. బ్రోకరుకు ఫోనులో చెప్పినంత మాత్రాన నోటీసు ఇచ్చినట్లు కాదు.

ఈ నోటీసుకు ఒక పరిమితి ఉంది. అది తేదీని కాపాడుతుందే గాని, అప్పటి నుండి అయ్యే ఖర్చులన్నిటినీ రాబట్టదు. అమెరికాలో ఆఫీస్ డిపో కంపెనీపై అక్కడి సెక్యూరిటీల కమిషన్ 2007లో అనధికారిక విచారణ మొదలుపెట్టింది. పత్రాలు సమర్పించడానికి, న్యాయవాదులకు కంపెనీ చేసిన ఖర్చులో అధిక భాగాన్ని భరించడానికి బీమా సంస్థ నిరాకరించింది. ఆ పాలసీ నిర్వచనం ప్రకారం అనధికారిక విచారణ క్లెయిము కాదని 2011లో అప్పీలు కోర్టు కూడా తీర్పు చెప్పింది. ఆ తరువాతి పాలసీలలో కొన్ని ఇలాంటి తొలిదశ ఖర్చులకు విడిగా రక్షణ ఇస్తున్నాయి. అది తరచుగా వ్యక్తులైన డైరెక్టర్లు, అధికారులకే వర్తిస్తుంది, కంపెనీ సొంత ఖర్చుకు కాదు.