వంశవృక్ష పటంలో రెండు నల్ల గుర్తులు

ఒక కుటుంబ యజమాని సెల్‌ఫోన్‌తో తీసిన ఒక ఫోటోను మాకు పంపారు. తెల్ల కాగితంపై వైద్యుడు కలంతో గీసి ఇచ్చిన వంశవృక్ష పటమది. పేర్లు లేవు. చతురస్రాలు, వలయాలు, వాటిని కలిపే గీతలు మాత్రమే ఉన్నాయి. దానితో పాటు మూడు ప్రశ్నలు ఉన్నాయి. ఈ వ్యాధి ఎవరి వైపు నుంచి వచ్చింది? ఇకపై పుట్టబోయే బిడ్డకు అది వచ్చే అవకాశం ఎంత? ఆరోగ్యంగా ఉన్న పెద్ద కుమారునికి చాచా కూతురితో నికాహ్ చేయవచ్చా? మన కుటుంబాలలో అనేకమంది ఎవరినీ అడగలేక లోలోపల మథనపడే ప్రశ్నలివి. అందుకే ఆ పటాన్ని మొదటి నుంచి చదువుదాం.

ఇటువంటి పటంలో చతురస్రం పురుషుణ్ణి, వలయం స్త్రీని సూచిస్తాయి. వ్యాధిగ్రస్తుల గుర్తును నలుపుతో నింపుతారు. గుర్తుపై ఏటవాలు గీత ఉంటే ఆ వ్యక్తి మరణించారని అర్థం. భార్యాభర్తలను ఒక అడ్డగీత కలుపుతుంది. వారిద్దరూ రక్తసంబంధీకులైతే ఆ స్థానంలో రెండు సమాంతర గీతలు గీస్తారు. ఒక్కొక్క తరం ఒక్కొక్క వరుసలో ఉంటుంది.

ఫోటోలో చదివేటప్పుడు కొంత జాగ్రత్త అవసరం. ఈ ఫోటోలో చేతి నీడ పడి మూడవ తరంలోని ఒక చతురస్రం నల్లగా కనిపించింది. మూడవ తరం దంపతుల మధ్య ఉన్న రెండు గీతలు అలుక్కుపోయి ఒకటే గీతలా ఉన్నాయి. వెలుతురులో మళ్ళీ ఫోటో తీయించి, ప్రతి గుర్తునూ ఆ కుటుంబాన్నే అడిగి సరిచూసుకున్న తరువాతే మేము లెక్కకు పూనుకున్నాం. నీడను వ్యాధిగా చదివితే తండ్రి రోగి అవుతాడు. అప్పుడు నిర్ణయం మొత్తం తలకిందులవుతుంది.

సరిచూసిన పటం ఇలా ఉంది. మొదటి తరంలో దాదా, దాదీ ఉన్నారు. ఇద్దరూ ఆరోగ్యంగా జీవించి మరణించినవారే. వారికి ఒక కుమారుడు, ఒక కుమార్తె. ఇద్దరూ బయటి కుటుంబాల వారిని వివాహం చేసుకున్నారు. ఆ కుమారునికి ఇద్దరు మగబిడ్డలు కలిగారు. వారిలో పెద్దవాడికి తన ఫూఫీ కూతురితో, అంటే మేనత్త కూతురితో నికాహ్ జరిగింది. ఈ దంపతులకు నలుగురు సంతానం. పెద్ద కుమారుడు, చిన్న కుమార్తె ఆరోగ్యవంతులు. నడుమ పుట్టిన కుమార్తె, కుమారుడు మాత్రం వ్యాధిగ్రస్తులు. పటం మొత్తంలో నల్లబడినవి ఆ ఒక్క వలయం, ఆ ఒక్క చతురస్రమే. పుట్టిన కొన్ని నెలలకే ఆ బిడ్డలిద్దరూ పాలిపోయారు. ఇప్పుడు మూడు వారాలకొకసారి రక్తం ఎక్కించవలసి వస్తోంది. వైద్యులు దీనికి బీటా తలసేమియా మేజర్ అని పేరు చెప్పారు.

వ్యాధి పేరును కాసేపు పక్కన పెట్టి, అది సంక్రమించే తీరును పటం నుంచే నిర్ణయిద్దాం. మొదట తల్లిదండ్రులను చూడాలి. జన్యువుకు ఒక్క లోపభూయిష్ట ప్రతి ఉన్నా బయటపడే వ్యాధిని బహిర్గత సంక్రమణ అంటారు. అలాంటి వ్యాధి సాధారణంగా ప్రతి తరంలోనూ కనిపిస్తుంది. రోగి తల్లిదండ్రులలో ఒకరు రోగి అయి ఉంటారు. ఇక్కడ తల్లీ తండ్రీ ఇద్దరూ ఆరోగ్యవంతులు. వారి పై రెండు తరాలలోనూ నల్ల గుర్తు లేదు. బిడ్డలో కొత్తగా లోపం పుట్టడం అరుదుగా జరుగుతుంది. కానీ అదే లోపం ఒకే ఇంట ఇద్దరు బిడ్డలలో విడివిడిగా పుట్టిందనడం మరింత అసంభవం. కనుక ఇది రెండు ప్రతులూ లోపభూయిష్టమైతేనే బయటపడే అంతర్గత సంక్రమణ అయి ఉండాలి.

అంతర్గత సంక్రమణలో రెండు రకాలున్నాయి. హీమోఫీలియా వంటి వ్యాధుల జన్యువు ఎక్స్ క్రోమోజోమ్‌పై ఉంటుంది. తల్లి వాహకురాలైతే అది ఎక్కువగా మగబిడ్డలలో బయటపడుతుంది. ఇక్కడ నిర్ణయం చెప్పేది ఆ నల్లబడిన వలయం. కుమార్తెకు రెండు ఎక్స్ క్రోమోజోములు ఉంటాయి. వాటిలో ఒకటి తండ్రి నుంచి వస్తుంది. తండ్రికి ఉండేదే ఒక్క ఎక్స్. ఆమెలో వ్యాధి బయటపడాలంటే తండ్రి ఇచ్చిన ఎక్స్‌లో కూడా లోపం ఉండాలి. అలాగైతే తండ్రి స్వయంగా రోగి అయి ఉండాలి. ఆయన ఆరోగ్యవంతుడు కాబట్టి ఈ రకాన్ని తోసిపుచ్చవచ్చు. రోగులిద్దరూ మగపిల్లలే అయి ఉంటే పటాన్ని చూసి ఇంత నిశ్చయంగా చెప్పడం సాధ్యమయ్యేది కాదు. మిగిలింది స్త్రీ పురుషులకు సమానంగా వర్తించే సాధారణ అంతర్గత సంక్రమణ. దంపతుల నడుమ ఉన్న జంట గీత ఈ నిర్ణయాన్ని బలపరుస్తుంది. వైద్యులు చెప్పిన తలసేమియా కూడా ఇదే కోవకు చెందినది.

దీనితో మొదటి ప్రశ్నకు సమాధానం దొరికింది. వ్యాధి ఒక వైపు నుంచి రాలేదు. తల్లి నుంచి ఒక లోపభూయిష్ట ప్రతి, తండ్రి నుంచి మరొకటి చేరితేనే బిడ్డకు ఈ వ్యాధి వస్తుంది. అవి రెండూ దాదా, దాదీలలో ఒకరి నుంచే కుమారుని శాఖలోకి, కుమార్తె శాఖలోకి దిగివచ్చి, ఈ వివాహంతో మళ్ళీ కలిసి ఉండవచ్చు. అయితే వారిద్దరిలో ఎవరి నుంచి అన్నది పటం చెప్పలేదు. కోడలిని నిందించే అత్తలు గ్రహించవలసిన విషయమిది. ఆమె వాటా ఎంతో, తమ కుమారుని వాటా కూడా అంతే.

తల్లిదండ్రులలో కనిపించని లక్షణం బిడ్డలో కనిపించడాన్ని గురించి దైవప్రవక్త ముహమ్మద్ (స) బోధన బుఖారీ, ముస్లిం హదీసు గ్రంథాలలో ఉంది. తన భార్యకు నల్లని బిడ్డ పుట్టాడని ఒక పల్లెవాసి అనుమానంతో వచ్చాడు. ఎర్రని ఒంటెల మందలో బూడిద రంగు ఒంటె ఎలా పుట్టిందని ప్రవక్త (స) అతణ్ణే అడిగారు. పూర్వపు వంశమూలం ఏదో లాగి ఉండవచ్చని అతను ఒప్పుకున్నాడు. నీ బిడ్డ విషయంలోనూ అలాగే జరిగి ఉండవచ్చని ప్రవక్త (స) తెలిపారు. భార్యపై నిందకు ఆయన తావివ్వలేదు.

ఇక రెండవ ప్రశ్న. తల్లిదండ్రులు ఇద్దరూ వాహకులు. అంటే ఒక్కొక్కరిలో ఒక మంచి ప్రతి, ఒక లోపభూయిష్ట ప్రతి ఉన్నాయి. ప్రతి కాన్పులోనూ నాలుగు సమాన అవకాశాలుంటాయి. ఇద్దరి నుంచీ మంచి ప్రతులే రావచ్చు. తల్లి నుంచి మాత్రమే లోపం రావచ్చు. తండ్రి నుంచి మాత్రమే రావచ్చు. లేదా ఇద్దరి నుంచీ లోపమే రావచ్చు. ఈ చివరిది మాత్రమే వ్యాధి. కనుక పుట్టబోయే బిడ్డకు వ్యాధి వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు, అంటే 25 శాతం. ‘ఇప్పటికే ఇద్దరికి వచ్చింది కదా, మా వంతు తీరిపోయింది’ అనుకోవడం పొరపాటు. ప్రతి గర్భమూ కొత్త లెక్కే. ముందు పుట్టిన బిడ్డలు ఆ 25 శాతాన్ని పెంచరు, తగ్గించరు.

మూడవ ప్రశ్నకు ఇంకొంచెం లెక్క కావాలి. పెద్ద కుమారుడు రోగి కాడని తెలుసు. కాబట్టి నాలుగు అవకాశాలలో వ్యాధిని తీసివేస్తే మూడు మిగులుతాయి. వాటిలో రెండింట అతను వాహకుడు. అంటే మూడింట రెండు వంతులు. వధువు తండ్రి, అంటే చాచా, ఒక వాహకునికి తోడబుట్టినవాడు. కనుక ఆయన వాహకుడయ్యే అవకాశం సగం. ఆయన వాహకుడైతే కూతురికి ఆ ప్రతి చేరే అవకాశం మళ్ళీ సగం. మొత్తం నాలుగింట ఒక వంతు. వధూవరులిద్దరూ వాహకులయ్యే అవకాశం ఈ రెండింటిని గుణిస్తే ఆరింట ఒక వంతు. అప్పుడు వారి బిడ్డకు వ్యాధి వచ్చే అవకాశం అందులో నాలుగో వంతు, అంటే ఇరవై నాలుగింట ఒకటి. అదే యువకుడు బంధుత్వం లేని కుటుంబంలో వివాహం చేసుకుంటే ఎలా ఉంటుంది? మన దేశంలో బీటా తలసేమియా వాహకులు సుమారు 3 నుంచి 4 శాతం. 4 శాతం చొప్పున లెక్కిస్తే బిడ్డకు వ్యాధి వచ్చే అవకాశం నూట యాభైలో ఒకటి.

ఈ లెక్క చూసి చాచా కూతురితో నికాహ్ తగదని తీర్మానించవలసిన పనిలేదు. వివాహం నిషిద్ధమైన బంధువులను దివ్య ఖుర్ఆన్ ‘అన్నిసా’ సూరాలో పేర్కొన్నది. పినతండ్రి, మేనత్త సంతానం ఆ జాబితాలో లేరు. అయితే ధర్మసమ్మతమైన వివాహానికి ముందు విచారించుకోవడం ధర్మవిరుద్ధం కాదు. అంచనా స్థానంలో నిజాన్ని నిలబెట్టే రక్తపరీక్ష అందుబాటులో ఉంది కూడా. మామూలు రక్తపరీక్షలో ఎర్ర రక్తకణాలు చిన్నవిగా కనిపిస్తే, హీమోగ్లోబిన్‌లోని ఏ2 అనే భాగాన్ని కొలుస్తారు. అది 3.5 శాతం మించితే సాధారణంగా వాహకులని అర్థం. ఇనుము లోపం తీవ్రంగా ఉన్నవారిలో ఈ భాగం తగ్గి కనిపించవచ్చు. కనుక ఫలితం సందేహాస్పదమైతే ముందు ఆ లోపాన్ని సరిదిద్ది మళ్ళీ పరీక్షించాలి. ఇటీవల రక్తం ఎక్కించుకున్నవారి ఫలితాన్ని నమ్మరాదు.

మొదట పెద్ద కుమారుణ్ణి పరీక్షిస్తే చాలు. అతను వాహకుడు కాకపోతే, వధువు వాహకురాలైనా వారి బిడ్డలకు ఈ వ్యాధి రాదు. అతను వాహకుడైతేనే వధువుకు పరీక్ష అవసరం. వాహకులు రోగులు కారు. వారిలో ఎక్కువమంది స్వల్ప రక్తహీనత తప్ప మరే ఇబ్బందీ లేకుండా జీవిస్తారు. కాబట్టి వాహకురాలని తెలిసిన అమ్మాయికి సంబంధాలు తప్పిపోయేలా ప్రచారం చేయడం అన్యాయం. ఆ ఫలితం ఆమెకు చెందిన అమానతు. మరొక జాగ్రత్త కూడా ఉంది. ఒకరు తలసేమియా వాహకులై, మరొకరు సికిల్ సెల్ వాహకులైనా బిడ్డకు తీవ్రవ్యాధి రావచ్చు. అందుచేత వైద్యునికి రెండు నివేదికలనూ కలిపి చూపించాలి.

ముస్లిం దేశాలు ఈ మార్గంలో ఇప్పటికే నడుస్తున్నాయి. ఇరాన్‌లో 1997 నుంచి, సౌదీ అరేబియాలో 2004 నుంచి వివాహానికి ముందు ఈ పరీక్ష తప్పనిసరి. సౌదీలో ఫలితం తెలిసిన తరువాత వివాహ నిర్ణయం ఆ జంటదే.

ఇక ఆ దంపతులు మరొక బిడ్డను కోరుకుంటే, గర్భం పది పన్నెండు వారాలప్పుడు మావి నుంచి సూక్ష్మమైన ముక్క తీసి బిడ్డ స్థితిని తెలుసుకునే వీలుంది. దానికి ముందే తల్లిదండ్రుల జన్యులోపం ఏమిటో ప్రయోగశాలలో గుర్తించి ఉంచుకోవాలి. ఫలితం ప్రతికూలమైతే ఏం చేయాలన్నది బరువైన ప్రశ్న. ముస్లిం వరల్డ్ లీగ్‌కు చెందిన ఇస్లామిక్ ఫిఖ్ మండలి 1990లో మక్కాలో దీనిపై ఒక తీర్మానం చేసింది. గర్భం 120 దినాలకు లోబడి ఉండి, చికిత్సకు లొంగని తీవ్రమైన లోపాన్ని నిపుణ వైద్యుల బృందం నిర్ధారిస్తే, తల్లిదండ్రుల కోరికపై గర్భస్రావానికి అది అనుమతించింది. తలసేమియా ఆ పరిధిలోకి వస్తుందా అన్నది వైద్య నివేదికతో విశ్వసనీయులైన ఉలమాను సంప్రదించి తేల్చుకోవలసిన విషయం. గడువు దగ్గర పడ్డాక తొందరపడకుండా, గర్భం దాల్చక ముందే వారిని అడగడం మేలు.

ఆ కుటుంబానికి మేము పంపిన సమాధానం ఇదే. పెద్ద కుమారుని రక్తపరీక్ష ముందు చేయించండి. ఆరోగ్యంగా ఉన్న చిన్న కుమార్తెకు కూడా నికాహ్ మాటలు మొదలవకముందే చేయించండి. చాచా కుటుంబానికి ఈ పటాన్ని చూపించండి. వారి బిడ్డల సంబంధాలు ఎక్కడ కుదిరినా వారికీ ఈ సమాచారం అవసరమే.