డబ్బు ఎటు నుంచి ఎటు వెళ్తోంది? కాలేజీ క్లబ్‌లో మేము చెప్పిన మాటలు

మన గుడికి వచ్చే పిల్లలు చాలామంది చదివే యూనివర్సిటీలో తెలుగు క్లబ్ వారు పిలిస్తే, యువజన విభాగం తరఫున మేము వెళ్ళి మాట్లాడాం. వాళ్ళు అడిగిన ప్రశ్న సూటిగానే ఉంది: ముందుగా ఎవరికీ డబ్బు కట్టకుండా, చదువుకుంటూ ఆన్‌లైన్‌లో నిజంగా ఎంత సంపాదించవచ్చు? ఆ తరువాత గుడిలో కొందరు తల్లిదండ్రులు కూడా అదే అడిగారు. అందుకే అక్కడ చెప్పినది ఇక్కడ కాస్త వివరంగా రాస్తున్నాం.

ముందు వీసా సంగతి

ఆ రోజు గదిలో ఉన్నవారిలో సగం మంది ఇక్కడే యూకేలో పుట్టి పెరిగినవారు. మిగతా సగం హైదరాబాద్, విజయవాడ, గుంటూరు వైపు నుంచి స్టూడెంట్ వీసా మీద వచ్చినవారు. ఈ ఇద్దరికీ ఒకే సలహా పనికిరాదు.

డిగ్రీ లేదా మాస్టర్స్ చదివే స్టూడెంట్ వీసావారు మామూలుగా కాలేజీ నడిచే రోజుల్లో వారానికి 20 గంటల వరకు ఉద్యోగం చేయవచ్చు. కానీ స్వయం ఉపాధి వారికి అసలు కుదరదు. ఫ్రీలాన్స్‌గా లోగోలు గీసివ్వడం, సొంతంగా ట్యూషన్ చెప్పడం, యూట్యూబ్ ప్రకటనల మీద సంపాదించడం అన్నీ దానికిందికే వస్తాయి. పని ఇచ్చేవారు ఇండియాలో ఉన్నా, డబ్బు అక్కడి ఖాతాలో పడినా, ఇక్కడ కూర్చొని చేస్తే ఇక్కడి నిబంధనే వర్తిస్తుంది. పది పౌండ్ల కోసం వీసాకే ముప్పు తెచ్చుకోవడం అవుతుంది. అలాంటివారు జీతపు స్లిప్ వచ్చే ఉద్యోగమే చూసుకోవాలి. యూనివర్సిటీయే కొత్త విద్యార్థులతో ఆన్‌లైన్‌లో మాట్లాడడానికి అంబాసిడర్లను పెట్టుకుంటుంది. ఉద్యోగులుగా చేర్చుకొని జీతం ఇచ్చే ట్యూషన్ సంస్థలూ ఉన్నాయి. ఏదైనా అనుమానంగా ఉంటే పని మొదలుపెట్టకముందే యూనివర్సిటీలోని అంతర్జాతీయ విద్యార్థుల ఆఫీసులో అడగాలి. ఈ మాట ఇండియాలో ఉన్న వాళ్ళ అమ్మానాన్నలకు కూడా చేరవేయమని మనవి.

ఇక కింద చెప్పే ట్యూషన్ లెక్క ఇక్కడి పౌరసత్వం, లేదా శాశ్వత నివాస హక్కు ఉన్న పిల్లలకు.

ఒక పని, దాని అసలు లెక్క

ఆన్‌లైన్ సంపాదన అనగానే పది మార్గాల జాబితా చెప్పడం తేలిక. మేము ఒక్కటే తీసుకొని లెక్క వేసి చూపించాం. అది జీసీఎస్‌ఈ లెక్కల ట్యూషన్. మొన్నమొన్నే ఆ పరీక్ష దాటిన పిల్లలకు పాఠం ఇంకా గుర్తుంటుంది, పెట్టుబడి అక్కరలేదు, డబ్బు ఇచ్చేవారు ఎందుకు ఇస్తున్నారో స్పష్టంగా తెలుస్తుంది.

మొదట ఏం చెప్పగలరో ఒక్క వాక్యంలో చెప్పగలగాలి. "లెక్కలు చెబుతాను" అంటే ఎవరికీ ఏమీ అర్థం కాదు. "ఎడెక్సెల్ ఫౌండేషన్ పేపర్ రాసే పదకొండో ఇయర్ పిల్లలకు, గ్రేడ్ 4 దాటడానికి" అంటే ఆ పిల్లవాడి తల్లికి వెంటనే తెలుస్తుంది. ఫౌండేషన్‌లో గరిష్ఠంగా గ్రేడ్ 5 వరకే వస్తుంది, హయ్యర్‌లో 9 వరకు. బడి ఏ బోర్డు పెట్టిందో కనుక్కోకుండా మొదలుపెడితే సగం శ్రమ వృథా.

మొదటి పాఠానికి ముందు అరగంట పరీక్ష పెట్టాలి. పాత ప్రశ్నపత్రాలు, జవాబులకు మార్కులు వేసే పద్ధతి బోర్డుల వెబ్‌సైట్లలో ఉచితంగా దొరుకుతాయి. కాలిక్యులేటర్ లేకుండా రాసే మొదటి పేపర్‌లోంచి పది ప్రశ్నలు ఇస్తే చాలు. మార్కులు ఎక్కడ పోతున్నాయో తెలిసిపోతుంది: భిన్నాలా, నిష్పత్తులా, లేక ప్రశ్న చదవడమే రావడం లేదా అని. ఆ కాగితం తల్లిదండ్రులకు చూపించి, మొదటి ఆరు వారాలు ఏవి చెబుతారో చెప్పాలి. గొప్పలు చెప్పుకోవడం కన్నా ఆ ఒక్క కాగితం ఎక్కువ నమ్మకం కలిగిస్తుంది.

పాఠం చెప్పడానికి జూమ్ ఉచిత ఖాతా నలభై నిమిషాలకు ఆగిపోతుంది. ఇద్దరే మాట్లాడుకునేటప్పుడు గూగుల్ మీట్ ఉచిత ఖాతాలో ఆ ఇబ్బంది ఉండదు. పిల్లవాడు తలుపు తీసి ఉన్న గదిలో, పెద్దవాళ్ళకు వినపడేలా కూర్చోవాలి. సందేశాలన్నీ తల్లి లేదా తండ్రి ఫోన్‌కే పంపాలి. ఇది ఇద్దరి రక్షణ కోసమూ.

ఇప్పుడు డబ్బు. ఉదాహరణకు గంటకు 15 పౌండ్లు అనుకుందాం. పాఠం ఒక గంట, దానికి తయారు కావడానికి, హోంవర్క్ దిద్దడానికి నలభై నిమిషాలు. అంటే వంద నిమిషాలకు 15 పౌండ్లు. నిజమైన రేటు గంటకు 9 పౌండ్లు. 2025 ఏప్రిల్‌లో 18 నుంచి 20 ఏళ్ళవారికి కనీస వేతనం 10 పౌండ్లు అయింది. అంటే మొదట్లో ఇది దగ్గర్లోని షాపులో పనికన్నా తక్కువే. అయితే బస్సు ఖర్చు లేదు, వేళ మన చేతిలో ఉంటుంది, రెండో ఏడాది అదే పాఠాలు మళ్ళీ పనికొస్తాయి కాబట్టి తయారయ్యే సమయం తగ్గుతుంది. క్లబ్‌లో ఒక అబ్బాయి "అంతేనా అండీ?" అన్నాడు. అంతే. వారానికి ఇద్దరు పిల్లలు, ఏడాదికి 30 వారాలు అంటే 900 పౌండ్లు. పుస్తకాలకు, ఫోన్ బిల్లుకు సరిపోతుంది, ఫీజుకు సరిపోదు.

వెయ్యి పౌండ్ల గీత

ఇక్కడ చాలామంది పొరపడేది పన్ను విషయంలో. పన్ను సంవత్సరం ఏప్రిల్ 6న మొదలై తరువాతి ఏప్రిల్ 5తో ముగుస్తుంది. ఆ ఏడాదిలో ఇలాంటి సొంత పని మీద వచ్చిన మొత్తం వెయ్యి పౌండ్లు దాటకపోతే మామూలుగా హెచ్‌ఎంఆర్‌సీకి చెప్పనక్కరలేదు. ఖర్చులు తీసేశాక మిగిలింది కాదు, చేతికి వచ్చిన మొత్తం చూడాలి.

పైన చెప్పిన 900 పౌండ్లు గీత లోపలే ఉన్నాయి. మూడో పిల్లవాడు చేరితే 1,350 అవుతుంది, గీత దాటుతుంది. అది 2025–26 సంవత్సరంలో జరిగిందనుకోండి, 2026 అక్టోబర్ 5 లోగా సెల్ఫ్ అసెస్‌మెంట్‌కు నమోదు చేసుకొని, 2027 జనవరి 31 లోగా ఆన్‌లైన్‌లో లెక్క సమర్పించాలి. అంతమాత్రాన పన్ను పడుతుందని కాదు. వెయ్యి మినహాయిస్తే మిగిలేది 350. అదే పిల్లవాడికి షాపు జీతం 6,000 ఉన్నా మొత్తం 6,350. పన్ను లేని పరిమితి 12,570 కన్నా ఎంతో తక్కువ. పన్ను సున్నా అయినా లెక్క సమర్పించడం మాత్రం తప్పదు, ఆలస్యమైతే జరిమానా ఉంటుంది. తేదీ, ఎవరు ఇచ్చారు, ఎంత అని ఒక నోట్‌బుక్‌లో రాసుకుంటే చాలు.

డబ్బు అడిగితే అది పని కాదు

ట్యూషన్‌లో డబ్బు ఎటు నుంచి వస్తోందో చూడండి. పిల్లవాడికి మార్కులు కావాలి, తల్లి డబ్బిస్తుంది, చెప్పినవారికి చేరుతుంది. ఇప్పుడు వాట్సాప్‌లో వచ్చే మరో రకం పని చూద్దాం. హోటళ్ళకు రేటింగ్ ఇస్తే, వీడియోలకు లైక్ కొడితే రోజుకు యాభై పౌండ్లు అంటారు. మొదటి రోజు ఐదో పదో నిజంగానే ఖాతాలో పడతాయి. నమ్మకం కలిగించే ఎర అదే. తరువాత టెలిగ్రామ్ గ్రూపులోకి చేర్చి, "ఈ టాస్క్‌కు ముందుగా 80 పౌండ్లు వేయాలి, 120 వస్తుంది" అంటారు. తెరమీద నిల్వ పెరుగుతూ కనిపిస్తుంది. తీసుకోబోతే పన్నుకని ఒకసారి, ఖాతా విడిపించడానికని మరోసారి కట్టమంటారు. ఆ తెరమీది అంకె ఎవరి దగ్గరా ఉన్న డబ్బు కాదు, వాళ్ళు టైపు చేసిన అంకె.

ఒక్క ప్రశ్న వేసుకుంటే ఇది తేలిపోతుంది: ఈ లైక్ వల్ల లాభం ఎవరికి, వాళ్ళు నాకు ఎందుకు ఇస్తున్నారు? జవాబు దొరకకపోతే ఆ డబ్బు మనలాంటి మరొకరి జేబులోదే. ఇంకొక గుర్తు చట్టంలోనే ఉంది. 1973 నాటి ఎంప్లాయ్‌మెంట్ ఏజెన్సీస్ చట్టం ప్రకారం ఇక్కడ పని చూపించినందుకు ఏజెన్సీ పని వెతుక్కునేవారి దగ్గర రుసుము తీసుకోకూడదు. నటన, మోడలింగ్ వంటి కొన్నింటికే మినహాయింపు ఉంది. "రిజిస్ట్రేషన్ ఫీజు" అన్న మాట వినగానే ఫోన్ పెట్టేయవచ్చు.

డబ్బు అడగకుండానే ముంచేవి రెండు ఉన్నాయి. ఒకటి, "మీ ఖాతాలోకి డబ్బు వస్తుంది, పదో వంతు ఉంచుకొని మిగతాది పంపండి" అనేది. అది దొంగ డబ్బును చేతులు మార్చడం. పోలీసు కేసు సంగతి అలా ఉంచితే, మోసాల రికార్డులు ఉంచే సిఫాస్‌లో పేరు పడితే అది ఆరేళ్ళ వరకు ఉండవచ్చు. బ్యాంకు ఖాతా, అప్పు, ఫోన్ కాంట్రాక్టు కూడా కష్టమవుతాయి. రెండోది, అసైన్‌మెంట్లు రాసిపెట్టడం. మన విద్యార్థుల గ్రూపుల్లో ఇది మామూలు పనిలా తిరుగుతోంది. ఇంగ్లండ్‌లో 2022 చట్టం వచ్చాక డబ్బు కోసం ఇతరుల అసైన్‌మెంట్ రాసివ్వడం నేరం.

ఎవరైనా ఇప్పటికే డబ్బు కట్టి ఉంటే, ఇంకొక్క పౌండ్ కూడా వేయకుండా వెంటనే బ్యాంకుకు ఫోన్ చేయాలి. 159కి చేస్తే చాలా బ్యాంకుల మోసాల విభాగానికి కలుపుతారు. సందేశాలు చెరిపేయకుండా ఫొటోలు తీసి ఉంచాలి. "పోయిన డబ్బు తిరిగి రాబట్టి పెడతాం" అంటూ తరువాత వచ్చేవారు చాలాసార్లు ఆ ముఠావాళ్ళే. అన్నిటికన్నా ముఖ్యం, పిల్లలు ఇంట్లో చెప్పగలగాలి. తిడతారన్న భయంతో దాచినప్పుడే రెండోసారి, మూడోసారి కడతారు.

ట్యూషన్ మొదలుపెట్టాలనుకునే పిల్లలు, చెప్పించుకోవాలనుకునే తల్లిదండ్రులు ఆదివారం హారతి తరువాత యువజన విభాగం బల్ల దగ్గర పేరు రాయించవచ్చు. ఇద్దరినీ కలపడం వరకే మా పని, దానికి రుసుము లేదు. అనుమానంగా ఉన్న సందేశం ఏదైనా వస్తే, డబ్బు కట్టకముందే అక్కడికి తెచ్చి చూపించండి.