మూడే అండాలు వచ్చినప్పుడు మందు పెంచాలా, తగ్గించాలా?

38 ఏళ్ల స్త్రీ ఐవీఎఫ్‌కి వచ్చిందనుకుందాం. ఏఎంహెచ్ 0.6. నెలసరి రెండో రోజు స్కాన్‌లో రెండు అండాశయాల్లో కలిపి ఐదు చిన్న ఫాలికల్సే కనిపించాయి. రోజుకి 450 యూనిట్ల ఎఫ్‌ఎస్‌హెచ్ ఇంజెక్షన్ చొప్పున 11 రోజులు ఇచ్చారు. చివరికి దక్కినవి మూడు అండాలు, వాటిలో ఒక్కటే పిండమైంది. అదీ గర్భంలో నిలవలేదు. ఇక ఆ దంపతులు అడిగే మొదటి ప్రశ్న, "డోసు ఇంకా పెంచితే?"

ప్రతి నెలా కొన్ని ఫాలికల్స్ పెరగడానికి సిద్ధంగా ఉంటాయి. మామూలు నెలలో ఎఫ్‌ఎస్‌హెచ్ మెల్లగా తగ్గిపోతుంది, ఒక్కటి మాత్రం పెరిగి మిగిలినవి ఎండిపోతాయి. ఇంజెక్షన్ చేసే పని ఆ ఎఫ్‌ఎస్‌హెచ్ తగ్గకుండా చూసి, ఎండిపోవాల్సిన వాటినీ బతికించడం. అంతేగాని లేని ఫాలికల్‌ని అది పుట్టించలేదు. ఆ నెల ఐదే ఉంటే 600 యూనిట్లిచ్చినా ఐదే. ఫాలికల్స్ తక్కువున్న స్త్రీలకు 150 యూనిట్ల మామూలు డోసు ఇచ్చినా, అంతకంటే బాగా పెంచి ఇచ్చినా బిడ్డ పుట్టే అవకాశం మారలేదనీ, ఖర్చు మాత్రం పెరిగిందనీ నెదర్లాండ్స్‌లో జరిగిన ఆప్టిమిస్ట్ అధ్యయనం 2017లో తేల్చింది. ఇలాంటి వారికి 300 యూనిట్లు దాటొద్దని యూరప్ సంతాన వైద్యుల సంఘం ఎష్రే కూడా చెబుతోంది. మందుల ఖర్చుకి బంగారం తాకట్టు పెడుతున్న వాళ్లకి ఈ మాట ముందే తెలియాలి.

డోసు సంగతి అలా ఉంచితే, రెండో చర్చ ప్రోటోకాల్ గురించి. ఫాలికల్స్ పెరిగేకొద్దీ ఈస్ట్రోజెన్ పెరుగుతుంది. దాంతో మెదడు కింది పిట్యూటరీ గ్రంథి ఎల్‌హెచ్‌ను ఒక్కసారిగా వదిలితే, డాక్టర్ తీయకముందే అండాలు విడుదలైపోతాయి. దాన్ని ఆపడానికే అగోనిస్ట్, యాంటాగనిస్ట్ మందులు.

అగోనిస్ట్ లాంగ్ ప్రోటోకాల్‌లో ముందు నెల 21వ రోజు ప్రాంతంలోనే ఇంజెక్షన్ మొదలవుతుంది. అది గ్రంథిని తొలుత రెచ్చగొట్టి, దాదాపు రెండు వారాల్లో పూర్తిగా అణిచివేస్తుంది. ఆ తర్వాతే ఎఫ్‌ఎస్‌హెచ్. అసలే నిల్వ తక్కువున్న అండాశయం ఈ అణచివేత తర్వాత కదలాలంటే మందూ ఎక్కువ కావాలి, రోజులూ ఎక్కువ పడతాయి. షార్ట్ ప్రోటోకాల్ ఆ తొలి రెచ్చగొట్టుడునే వాడుకోవాలని చూస్తుంది. కానీ 2014లో లండన్ వైద్యులు మూడింటినీ పోల్చినప్పుడు అతి తక్కువ అండాలు వచ్చింది షార్ట్‌లోనే. యాంటాగనిస్ట్ గ్రంథిని గంటల్లోనే ఆపుతుంది కాబట్టి ఎఫ్‌ఎస్‌హెచ్ మొదలుపెట్టిన ఐదారు రోజులకో, పెద్ద ఫాలికల్ 14 మిల్లీమీటర్లకి చేరినప్పుడో ఇస్తే చాలు. ఇంజెక్షన్లూ తక్కువ. ఫలితం రెండింటిలోనూ దాదాపు సమానమే కనుక, నా మటుకు నేను యాంటాగనిస్ట్ వైపే మొగ్గుతాను.

దాని చిక్కు వేరు. నిల్వ తగ్గిన స్త్రీలలో ఎఫ్‌ఎస్‌హెచ్ ముందు నెల చివర్లోనే పెరగడంతో, ఒక ఫాలికల్ ముందే పరుగు అందుకుంటుంది. అది 18 మిల్లీమీటర్లకి వచ్చేసరికి మిగతావి 11 దగ్గరే ఉంటాయి. స్కాన్ కాగితంలో ఈ తేడా కనిపిస్తే మూడే అండాలు ఎందుకొచ్చాయో అర్థమవుతుంది. అందుకే కొందరు డాక్టర్లు ముందు నెల చివర్లో ఈస్ట్రోజెన్ మాత్రలిచ్చి అన్నిటినీ ఒకే వరుసలోకి తెస్తారు.

మనం అనుకున్న ఆమెకి రెండోసారి మైల్డ్ పద్ధతి ఇవ్వొచ్చు. లెట్రోజోల్ ఐదు రోజులు వాడితే ఈస్ట్రోజెన్ తగ్గి, శరీరమే సొంత ఎఫ్‌ఎస్‌హెచ్‌ని ఎక్కువ వదులుతుంది. దానికి 150 యూనిట్ల ఇంజెక్షన్, తర్వాత యాంటాగనిస్ట్. ఇంజెక్షన్ ఎనిమిది రోజులు నడిచిందంటే 1,200 యూనిట్లు. మొదటిసారి వాడినవి 4,950. ఈసారి రెండే అండాలు రావచ్చు, మూడూ రావచ్చు. మిగిలిన డబ్బుతో ఇంకో నెల ప్రయత్నించి, పిండాలను ఫ్రీజ్ చేసి కూడబెట్టుకోవచ్చు. లెట్రోజోల్ బదులు క్లోమిఫిన్ వాడితే గర్భాశయం లోపలి పొర పలచబడవచ్చు, అప్పుడూ ఫ్రీజ్ చేయడమే మేలు.

నేచురల్ సైకిల్ అంటే మందు లేకుండా ఆ నెల ఒక్క అండాన్నే తీయడం. 1978లో ఇంగ్లండ్‌లో పుట్టిన తొలి ఐవీఎఫ్ బిడ్డ లూయిస్ బ్రౌన్ అలా వచ్చిన అండం నుంచే పుట్టింది. అయితే ఆ ఒక్కటి ముందే విడుదలైతే ఆ నెల పోయినట్టే. ఒక్కోసారి సూది పెట్టినా అండం దొరకదు. ఫాలికల్ 14 మిల్లీమీటర్లకి చేరాక యాంటాగనిస్ట్‌తో పాటు కొద్దిగా ఎఫ్‌ఎస్‌హెచ్ ఇచ్చే సవరించిన పద్ధతిలో ఈ నష్టం తగ్గుతుంది. అయినా మామూలు స్టిమ్యులేషన్ కన్నా ఇదే మేలని ఎష్రే చెప్పడం లేదు. ఎంత మందిచ్చినా ఒకటో రెండో అండాలే వస్తున్నవారికి ఇది ఆలోచించదగ్గ దారి.

వీటిలో ఏ పద్ధతీ అండం నాణ్యతను మార్చదు, అది వయసుతో ముడిపడింది. 30 ఏళ్ల స్త్రీకి మూడు అండాలే వచ్చినా గర్భం నిలిచే అవకాశం బాగానే ఉంటుంది. 43 ఏళ్ల స్త్రీకి వచ్చిన మూడింటిలో చాలావరకు క్రోమోజోమ్ లోపాలున్నవే కావచ్చు. ఆమెతో డాక్టర్ ప్రోటోకాల్ మార్చే మాటకంటే ముందు, దాత అండాల గురించి విడమరిచి మాట్లాడాలి.