ప్రతి బండికీ ఒక పద్దు

విజయవాడ ఆటోనగర్‌లో పాత కార్లు కొని అమ్మే ఒక వ్యాపారి ఉన్నాడనుకుందాం. జనవరిలో ఆయన షెడ్డులో మూడు బండ్లున్నాయి. ఒకటి అక్టోబరులో కొన్న డీజిల్ ఎస్‌యూవీ. మిగతా రెండూ నవంబరులో, డిసెంబరులో వచ్చిన తెల్ల చిన్నకార్లు. ఈ రెండూ ఒకే కంపెనీవి, 2019 మోడల్, పెట్రోలు బండ్లే. పక్కపక్కన నిలబెడితే ఏది ఏదో పోల్చుకోవాలంటే నంబరు ప్లేటు చూడాల్సిందే. అయినా లెక్కల పుస్తకంలో ఆ రెండూ ఒకటి కావు.

నవంబరులో వచ్చినదాన్ని కర్నూలులో 3,60,000కు కొన్నారు. విజయవాడ దాకా తోలుకొచ్చిన డ్రైవరు బత్తా, పెట్రోలు కలిపి 4,000. క్లచ్ అరిగిపోయింది, కొత్తది వేయడానికి 14,000. నాలుగు టైర్లకు 18,000. ఎడమ తలుపులకు డెంటింగ్, పెయింటింగ్ చేయిస్తే 22,000. పాత యజమాని కట్టకుండా వదిలేసిన చలాన్లు తీర్చడానికి 2,000. అన్నీ కలిపితే ఆ బండి అసలు ధర 4,20,000. డిసెంబరు బండిని ఊళ్లోనే ఒక డాక్టరు గారి దగ్గర 4,20,000కు తీసుకున్నారు. మధ్యవర్తికి 7,000, సర్వీసింగ్, పాలిష్‌లకు 8,000 అయ్యాయి. దాని ధర 4,35,000. ఎస్‌యూవీ 7,10,000కు వచ్చింది, దానికి టర్బో మార్చడానికి మరో 65,000 పడింది. అంటే 7,75,000.

జనవరి చివర్లో కర్నూలు బండి 4,60,000కు అమ్ముడైంది. లాభమెంత?

కిరాణా కొట్టులో బియ్యం లెక్క చూసినట్టు ‘ముందు వచ్చిన సరుకు ముందు పోయింది’ అనుకుంటే, అందరికన్నా ముందు వచ్చింది ఎస్‌యూవీ కాబట్టి 7,75,000 ఖర్చుగా పడి 3,15,000 నష్టం కనిపిస్తుంది. మూడింటి సగటు తీస్తే ఒక్కో బండి 5,43,333 అవుతుంది, అప్పుడు 83,333 నష్టం. ఈ రెండూ అబద్ధాలే. ఆ బండి మీద పెట్టింది 4,20,000, వచ్చింది 4,60,000, లాభం 40,000. ఏ వస్తువు అమ్మామో ఆ వస్తువుకే అయిన ఖర్చును దానికి ఎదురుగా రాయడమే ‘స్పెసిఫిక్ ఐడెంటిఫికేషన్’ పద్ధతి. ఒకదాని బదులు మరొకటి ఇచ్చి సరిపెట్టలేని సరుకుకు ఈ పద్ధతే వాడాలని మన దేశపు అకౌంటింగ్ ప్రమాణాలు, ఏఎస్ 2 గానీ ఇండ్ ఏఎస్ 2 గానీ, నిర్దేశిస్తున్నాయి.

బండి ఖర్చులోకి ఏది వస్తుంది, ఏది రాదు అన్న దగ్గరే ఎక్కువమంది తడబడతారు. బండిని షెడ్డుకు చేర్చడానికి, అమ్మకానికి తయారు చేయడానికి అయిందంతా దాని పద్దులోకే వెళ్తుంది. షెడ్డు అద్దె, వాచ్‌మన్ జీతం, ప్రకటనలు, అమ్మిపెట్టినవాడికి ఇచ్చే కమీషను మాత్రం రావు. కొనేటప్పుడు మధ్యవర్తికి ఇచ్చిన 7,000 బండి ధరలో కలుస్తుంది, అమ్మేటప్పుడు ఇచ్చింది కలవదు. పేరు ఒకటే, చోటు వేరు.

ఇక్కడ జీఎస్టీ వచ్చి మరో లెక్క తెస్తుంది. కొన్నప్పటి పన్నుకు క్రెడిట్ తీసుకోని పాత బండ్ల వ్యాపారి, అమ్మిన ధరకూ కొన్న ధరకూ మధ్య ఉన్న తేడా మీదే పన్ను కడతాడు. ఇలాంటి చిన్న పెట్రోలు కార్లకు ఒకప్పుడు 12 శాతం ఉన్న రేటు 2025 జనవరి నుంచి 18 శాతమైంది. ఈ తేడా లెక్కలో రిపేర్లు కలవవు. కర్నూలు బండిని 3,60,000కు కొని, పన్ను కాకుండా 4,60,000కు అమ్మారు. తేడా లక్ష, పన్ను 18,000. వ్యాపారికి మిగిలింది 40,000 అయినా పన్ను పడేది లక్ష మీదే. ‘అన్నీ కలిపి ఇంతే ఇస్తాను’ అని బేరమాడే కొనుగోలుదారు వస్తే, ఆ పన్ను ఈ 40,000లోంచే పోతుంది. ధర చెప్పకముందే బండి పద్దు తెరిచి చూసుకునే వ్యాపారికి ఈ దెబ్బ తగలదు.

ఒక బండి కొన్న ధరకన్నా తక్కువకు పోతే దాని మీద పన్ను లేదు. అయితే ఆ నష్టాన్ని ఇంకో బండి లాభంలోంచి తీసేయడం కుదరదు. కాబట్టి పన్ను కోసమైనా ఒక్కో బండికి విడిగా లెక్క ఉండి తీరాలి.

మార్చి 31 వచ్చేసరికి ఎస్‌యూవీ ఇంకా షెడ్డులోనే ఉంది. అలాంటి బండి ఇప్పుడు 7,40,000కు మించి పోవడం లేదు, అమ్మడానికి కమీషను 10,000 అవుతుంది. చేతికొచ్చేది 7,30,000. పుస్తకంలో 7,75,000 ఉంది కాబట్టి 45,000 ఆ ఏడాదే తగ్గించి రాయాలి. డిసెంబరు చిన్నకారులో లాభం వస్తుంది కదా, రెండూ కలిపి చూస్తే సరిపోతుంది అనడానికి వీల్లేదు. ఖర్చు, చేతికొచ్చే ధర, ఈ రెంటిలో ఏది తక్కువైతే అది, బండి బండికీ వేరుగా చూడాలి.

బంగారం కొట్టులో ఇదే పద్ధతికి హద్దు ఎక్కడుందో తెలుస్తుంది. పచ్చలు పొదిగిన నక్షీ హారానికి, ఒంటి వజ్రపు ఉంగరానికి ఎవరి ట్యాగు వాటికుంటుంది. స్థూల బరువు, నికర బరువు, రాళ్ల క్యారెట్లు, మజూరీ ఆ ట్యాగు నంబరు కిందే రాసి ఉంటాయి. వాటికి విడి లెక్కే సరి. కానీ అదే కొట్టులో ఒకే అచ్చువి, ఒకే బరువువి, 8 గ్రాముల బంగారు నాణేలు వందున్నాయనుకోండి. కొన్ని ధర తక్కువున్నప్పుడు కొన్నవి, కొన్ని పెరిగాక కొన్నవి. అమ్మిన నాణెం ఎప్పటిదో యజమాని తనకు తోచినట్టు చెప్పగలిగితే ఈ ఏడాది లాభం ఎంత చూపాలో ఆయనే నిర్ణయించుకున్నట్టు అవుతుంది. అందుకే ఒకదాని బదులు మరొకటి ఇవ్వగల సరుకుకు ఈ పద్ధతి వాడకూడదు. నాణేలకు ముందు వచ్చింది ముందు పోయినట్టో, సగటో పాటించాలి. ఒకే కొట్టులో హారాలకొక పద్ధతి, నాణేలకొక పద్ధతి ఉండటం తప్పు కాదు, అదే ఒప్పు.

పద్ధతి తెలిసినా పుస్తకం చెడేది ఎక్కడంటే, సామాను చేతులు మారే చోట. ఎస్‌యూవీ ఎలాగూ కదలడం లేదని దాని కొత్త మ్యూజిక్ సిస్టమ్ ఊడదీసి, రేపు అమ్ముడయ్యే చిన్నకారుకు బిగిస్తారు. పాత హారంలోని పచ్చ తీసి కొత్త పతకానికి పెడతారు. వస్తువు మారింది కానీ పద్దు మారలేదు. చిన్నకారు మీద లేని లాభం కనిపిస్తుంది, ఎస్‌యూవీ మీద లేని ఖర్చు మిగిలిపోతుంది. దీన్ని పట్టుకోవడానికి ఒక గుర్తుంది. అమ్మిన బండ్ల మీద లాభాలు బాగా వస్తూ, అమ్ముడుపోని పాత బండ్ల ఖర్చు మాత్రం మార్కెట్టు ధరను దాటి పెరుగుతూ పోతుంటే, సామాను ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి వెళ్లిందేమోనని చూడాలి. మెకానిక్ రాసిచ్చే చీటీ మీద ‘రిపేరు’ అని మాత్రమే ఉంటే చాలదు, ఏ బండికో నంబరు ఉండాలి. ఒక బండిలోంచి తీసి మరోదానికి పెట్టినప్పుడు రెండు నంబర్లూ, దాని విలువా ఉండాలి.

ఈ వ్యాపారంలో ఉన్నవారికి నాదొక విన్నపం. మార్చి 31న స్టాకు జాబితాను పుస్తకం చూసి రాయకండి. ఒక్కో బండి దగ్గర నిలబడి, 17 అక్షరాల ఛాసిస్ నంబరు చదివి, దాని పద్దు పక్కన టిక్కు పెట్టండి.