పుస్తకం అనని మాటకు జవాబెందుకు?

పరిశోధన పత్రికలో పుస్తక సమీక్షకు దొరికే చోటు చిన్నది. చాలాచోట్ల వెయ్యి మాటలకు అటూఇటూ. అందులో సగం అధ్యాయాల వరుస చెప్పడానికే పోతే మిగిలేది సాగదీసిన విషయసూచికే. అందుకే రాసే ముందు, పుస్తకం వాదాన్ని రెండు వాక్యాల్లో పెట్టి చూడాలి. రచయిత చదివితే 'అవును, నేనన్నది ఇదే' అనేలా ఉండాలి.

వెల్చేరు నారాయణరావు, డేవిడ్ షూల్మన్, సంజయ్ సుబ్రహ్మణ్యం కలిసి రాసిన 'టెక్స్చర్స్ ఆఫ్ టైమ్' (2001) చూడండి. వలస పాలనకు ముందు దక్షిణాదిలో చరిత్ర రాయడమే లేదన్న నమ్మకాన్ని ఈ పుస్తకం కాదంటుంది. ఆయా కాలాల్లో ఏ సాహిత్య ప్రక్రియ చెలామణిలో ఉంటే చరిత్రనూ అందులోనే రాశారనీ, ఏది జరిగిందో ఏది కల్పనో ఆనాటి శ్రోతలు రచన అల్లికను బట్టే పోల్చుకునేవారనీ వాదిస్తుంది. 1757 నాటి బొబ్బిలి యుద్ధం మీద వచ్చిన జానపద కథ, దిట్టకవి నారాయణకవి 'రంగరాయ చరిత్రము' అందులో చర్చకు వస్తాయి.

తొందరపడే సమీక్షకుడు ఇక్కడే జారతాడు. బొబ్బిలి కథ నిండా అతిశయోక్తులే, అది చరిత్రెలా అవుతుందని కొట్టిపారేస్తాడు. కథలో ప్రతి మాటా నిజమని రచయితలు ఎక్కడన్నారు? వాళ్లు అనని మాటను ఖండించి గెలిచినట్టు రాయడం అన్యాయం. పైగా అసలు బలహీనత ఎక్కడుందో పాఠకుడికి తెలియకుండా పోతుంది.

అడగాల్సిన ప్రశ్న వేరే ఉంది. అల్లికలో గుర్తులు కనిపిస్తున్నది నేటి పండితులకు. పద్దెనిమిదో శతాబ్దపు శ్రోతలూ వాటిని అలాగే పట్టుకున్నారని ఎలా తెలుస్తుంది? కథ లోపలి గుర్తులు కథ కట్టినవాడి ఉద్దేశాన్ని చెప్పవచ్చు. విన్నవాడు ఎలా తీసుకున్నాడో తెలియాలంటే బయటి సాక్ష్యం కావాలి: ఆ కథను ఆధారంగా చూపిన మరో రచనో, కైఫీయతో. సమీక్షకుడు ఒక్క ఉదాహరణ ఎంచుకుని, పేజీ సంఖ్య ఇచ్చి, ఆ సాక్ష్యం ఎంతవరకు ఉందో చూపితే చాలు. పది ఫిర్యాదుల జాబితా కన్నా అది మేలు. 2007లో 'హిస్టరీ అండ్ థియరీ' పత్రిక ఈ పుస్తకంపై విమర్శలనూ రచయితల జవాబునూ కలిపి ప్రచురించినప్పుడు, షెల్డన్ పోలాక్ ఈ అల్లిక అన్న కొలబద్దనే నిలదీశారు.

ఎవరికి పనికొస్తుందన్నదీ స్పష్టంగా చెప్పాలి. 'అందరూ చదవాలి' అంటే ఎవరికీ ఏమీ చెప్పనట్టే. తెలుగు సాహిత్య విద్యార్థికి తెలిసిన కావ్యాలే ఇందులో కొత్తగా కనిపిస్తాయి. యుద్ధం జరిగిన తీరు మాత్రమే కావాలనుకునేవారికి నిరాశే.

ఇక అచ్చుతప్పులు. వాదాన్ని తాకనివైతే ఒక్క వాక్యం చాలు, మిగతావి రచయితలకు విడిగా ఉత్తరం రాయొచ్చు.