చారు గ్లాసులోకి వచ్చింది

గుప్పెడు బియ్యం అరచేతిలో వేసుకుని, రెండు గింజలు పంటికింద కొరికి, కొత్తవో పాతవో చెప్పేసే మనిషి ఆ తాతయ్య. వయసు 71. తెనాలి దగ్గరి పల్లెలో ఉంటారు. రైసు మిల్లులో 34 ఏళ్లు గుమాస్తాగా చేశారు. అలాంటి మనిషి మాఘమాసం నుంచి అన్నం పేరెత్తితేనే జంకుతున్నారు. ఆయన ఈ కథ కోసం పుట్టిన మనిషే. ఆయన కంచం మీద జరిగిన లెక్క మాత్రం ఏ తెలుగింట్లోనైనా సరిపోయేది.

కంటి శుక్లాల ఆపరేషన్‌కు ముందు చేసిన పరీక్షల్లో షుగర్ బయటపడింది. పరగడుపున 168, తిన్న రెండు గంటలకు 264. దాదాపు మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ 8.2 ఉంది. పరగడుపున 126, హెచ్‌బీఏ1సీ 6.5 వచ్చినా, దాటినా దాన్ని మధుమేహం అంటారు కాబట్టి అనుమానానికి చోటు లేదు. డాక్టరు మెట్‌ఫార్మిన్, గ్లిమెపిరైడ్ మాత్రలు రాసి, తిండి తగ్గించమన్నారు. ఏది, ఎంత తగ్గించాలో చెప్పే తీరిక ఆ రోజు ఆయనకు లేకపోయింది.

ఆ ఖాళీని ఊరంతా కలిసి నింపింది. నాయనమ్మ అన్నం మాన్పించేసింది. పొద్దున రాగిజావ, మధ్యాహ్నం మళ్లీ జావ, రాత్రి రెండు పుల్కాలు. టీలో పంచదార పోయి బెల్లం వచ్చింది, రక్తంలోకి చేరాక రెంటికీ తేడా లేకపోయినా. పక్కింటివాళ్లు కాకరకాయ రసం పంపారు. ఆరు వారాల్లో తాతయ్య నాలుగు కిలోలు తగ్గారు. ఇంట్లో అందరూ భోజనానికి కూర్చునే వేళకు ఆయన లేచి వసారాలోకి వెళ్లిపోయేవారు.

“అంత కడుపు మాడ్చుకున్నా తగ్గట్లేదేంటి తాతయ్యా?” అంటూ పదో తరగతి మనవడు ఓ నోటుపుస్తకం తీశాడు. జావ తాగే ముందు ఒకసారి, తాగడం మొదలుపెట్టిన రెండు గంటలకు ఒకసారి వేలు గుచ్చి చూశాడు. ముందు 148, తర్వాత 241.

రాగులు చెడ్డవని కాదు. వాటిలో పీచు ఉంది, కాల్షియం ఉంది. కానీ వాటిని మెత్తగా పిండి పట్టించి, నీళ్లలో బాగా ఉడికించి, పలచగా తాగితే జీర్ణానికి పెద్దగా పని మిగలదు. పిండిపదార్థం త్వరగా గ్లూకోజుగా మారి రక్తంలోకి వచ్చేస్తుంది. పైగా తాతయ్య తాగేది రెండు పెద్ద గ్లాసులు, అందులో పప్పు లేదు, కూర లేదు. అన్నానికి బదులు కదా అని మనసు ఊరుకుంది, మీటరు ఊరుకోలేదు.

మర్నాడు రాత్రి అసలు ప్రమాదం వచ్చింది. 241 అంకె చూసి హడలిపోయిన తాతయ్య మాత్ర వేసుకుని, పుల్కాలు కూడా తినకుండా పడుకున్నారు. పదకొండింటికి ఒళ్లంతా చెమట, చేతులు వణుకు. మాట తడబడింది. మీటరులో 58. డెబ్బైకి దిగితేనే ప్రమాదం. గ్లిమెపిరైడ్ లాంటి మాత్రలు కడుపులో తిండి ఉన్నా లేకపోయినా ఇన్సులిన్‌ను బయటికి తెప్పిస్తాయి. మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడేవారిలో ఇలా జరగడం అరుదు. కోడలు అరగ్లాసు నీళ్లలో మూడు చెంచాల పంచదార కలిపి తాగించింది. స్పృహలో ఉండి మింగగలిగారు కాబట్టి అలా ఇచ్చింది. స్పృహ తప్పినవాళ్ల నోట్లో ఏదీ పోయకూడదు, ఆసుపత్రికి పరుగెత్తాలి. పావుగంట తర్వాత చూస్తే 84. అప్పుడు నాలుగు ముద్దల పెరుగన్నం పెట్టింది. నెలన్నర తర్వాత తాతయ్య నోటికి అందిన అన్నం అదే. ఆయన కళ్లు తుడుచుకుంటుంటే చెమటో కన్నీళ్లో కోడలికి తెలియలేదు.

గుంటూరులో మరో డాక్టరు గ్లిమెపిరైడ్ మోతాదు సగానికి తగ్గించి, పక్క గదిలోని ఆహార నిపుణురాలి దగ్గరికి పంపారు. ఆమె కాగితమేదీ చేతికివ్వలేదు. “బాబాయిగారూ, షుగర్ రాకముందు మీ ఇంట్లో మధ్యాహ్నం భోజనం ఎలా ఉండేదో చెప్పండి” అంది. తాతయ్య ఉత్సాహంగా చెప్పుకొచ్చారు. ముందు పప్పూ నెయ్యీ, తర్వాత కూర, తర్వాత పులుసు, చారు, ఆఖర్న పెరుగు. “ఇంటికెళ్లి ఆ భోజనం ఒక్కసారి వడ్డించుకుని, తినకుండా, ఒక్కో వాయి అన్నం తూచి రండి” అంది.

తూకం అంటే తాతయ్యకు ప్రాణం లేచొచ్చింది. కోడలి దగ్గరున్న చిన్న కాటా ముందు పెట్టుకుని కూర్చున్నారు. పప్పులోకి 110 గ్రాములు, కూరలోకి 100, పులుసులోకి 70, చారులోకి 60, పెరుగులోకి 80. మొత్తం 420 గ్రాముల అన్నం. వండిన అన్నంలో నూటికి సుమారు 28 గ్రాములు పిండిపదార్థం. అంటే ఒక్క పూటకు దాదాపు 117 గ్రాములు. కూర మాత్రం రెండు గరిటెలు దాటలేదు, పప్పు ఒక గరిటె.

మన భోజనంలో చిక్కు ఇక్కడే ఉంది. ఇది అన్నం మీద ఇష్టం ఒక్కదానితో వచ్చింది కాదు, వడ్డన పద్ధతితో వచ్చింది. మన విస్తట్లో ప్రతి పదార్థం తన వంతు అన్నం అడుగుతుంది. అయిదు రుచులు కావాలంటే అయిదుసార్లు అన్నం పెట్టుకోవాలి. రుచి కోసం మొదలుపెట్టిన మనిషి చివరికి లెక్కకు మించి అన్నం తిని లేస్తాడు. ఈ సంగతి గమనిస్తే అన్నం మొత్తం మానాల్సిన పని ఉండదు. ఏ పదార్థానికి అన్నం తప్పనిసరో, ఏది అన్నం లేకుండానే బాగుంటుందో వేరుచేస్తే చాలు.

“ఇందులో మీరు వదులుకోలేనివి ఏవి?” అని ఆమె అడిగింది. తాతయ్య తడుముకోలేదు. “ముద్దపప్పూ నెయ్యీ ఆవకాయా. చివర్న పెరుగు.” అయితే ఆ రెండూ ఉంచేద్దామంది. కొత్త కంచం అలా తయారైంది. ముందు కప్పున్నర కూర, ఉత్తిదే. బీరకాయ శనగపప్పో, చిక్కుడుకాయో, పొట్లకాయో. అది సగం అయ్యాక అన్నం. పప్పులోకి 80 గ్రాములు, మిగిలిన కూరలోకి 50, పెరుగులోకి 50. పప్పు పలచగా కాక గట్టిగా, కప్పు నిండా. పులుసులో ముక్కలు మాత్రమే. చారు గ్లాసులోకి వచ్చింది, వేడివేడిగా తాగడానికి. అన్నం 420 గ్రాముల నుంచి 180కి దిగినా కంచం ఖాళీగా కనిపించలేదు. ఆవకాయ ఉప్పు మూలాన ఒక్క ముక్కకే పరిమితమైంది. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు పప్పు ఇంత పెంచేముందు డాక్టరును అడగాలని కూడా ఆమె చెప్పింది. తాతయ్య కిడ్నీల పరీక్ష సరిగ్గానే ఉంది.

ముందు కూర ఎందుకు? న్యూయార్కులోని వైల్ కార్నెల్ వైద్య కళాశాల పరిశోధకులు 2015లో ఒక చిన్న అధ్యయనం ప్రచురించారు. మెట్‌ఫార్మిన్ వాడుతున్న 11 మందికి ఒకే భోజనాన్ని రెండు రోజులు రెండు వరుసల్లో పెట్టారు. రొట్టె, పళ్లరసం ముందు తిన్న రోజుకన్నా, కూరగాయలు, మాంసం ముందు తిని రొట్టె తర్వాత తిన్న రోజున గంట తర్వాతి షుగర్ మూడోవంతుకు పైగా తక్కువగా ఉంది. పదార్థాలు అవే, వరుస మారిందంతే. 11 మంది చిన్న సంఖ్యే. కానీ ఇది ఎవరైనా తమ ఇంట్లో, తమ మీటరుతో సరిచూసుకోగలిగిన సంగతి.

మొదటి రోజు మాత్రం గొడవైంది. “ఉత్తి కూర తినడానికి నేనేమన్నా పత్యం మనిషినా?” అన్నారు తాతయ్య. అన్నంలో కలుపుకోవడానికి వండిన కూరలో ఉప్పూ కారం దండిగా ఉన్నాయి, ఉత్తిగా తినలేకపోయారు. నాయనమ్మ మర్నాటి నుంచి రెండూ తగ్గించి, పోపు ఎక్కువ వేసి, దింపే ముందు నిమ్మకాయ పిండింది. వారం తిరిగేసరికి చిక్కుడుకాయ కూరలో వెల్లుల్లి తగ్గిందని తాతయ్య వంక పెట్టారు. ఆయన మళ్లీ వంటకు వంక పెట్టారంటే నాయనమ్మకు పండగే.

మనవడి పుస్తకంలో అంకెలు మారాయి. తినే ముందు 134, మొదటి ముద్ద నుంచి రెండు గంటలకు 176. చాలామందికి డాక్టర్లు పెట్టే హద్దు 180. భోజనం కాగానే మంచమెక్కే అలవాటు మాని, మూడు పూటలా పావుగంట వీధిలో నడిచిన రోజుల్లో ఇంకాస్త తక్కువే వచ్చింది. రాత్రి భోజనం తర్వాతి నడక వల్ల తేడా ముఖ్యంగా కనిపించింది.

ఇక బియ్యం గుమాస్తాను బియ్యం సంగతి వదల్లేదు. బాపట్లలో పుట్టి 1986లో విడుదలైన బీపీటీ 5204, అదే సాంబ మసూరి, ఆయన జీవితమంతా తూచిన రకం. షుగరున్నవారికి మంచిదని ఎవరో చెప్పగా రాజేంద్రనగర్‌లో తయారైన తెలంగాణ సోనా, ఆర్‌ఎన్‌ఆర్ 15048, తెప్పించారు. షుగర్‌ను ఎంత త్వరగా పెంచుతుందో చెప్పే గ్లైసెమిక్ సూచిక దానికి 51 ప్రాంతంలో ఉంటుందంటారు. 55 లోపుంటే తక్కువ కిందే లెక్క. అన్నం రుచిగా ఉంది. పర్వాలేదనుకుని రెండు గరిటెలు ఎక్కువే తిన్నారు. రెండు గంటల తర్వాత 219. సూచిక వేగాన్ని చెబుతుంది, తిన్న మొత్తాన్ని తగ్గించదు. అదే బియ్యం 180 గ్రాములకే ఆపిన రోజున 168 వచ్చింది. అప్పటి నుంచి ఇంట్లో ఆ బియ్యమే, ఆ తూకమే.

వేసవిలో బంగినపల్లి వచ్చింది. ఆహార నిపుణురాలు వంద గ్రాముల లోపు ముక్కలు, భోజనంతో కలపకుండా, పదకొండు గంటలప్పుడు తినమంది. ఆ రోజు మధ్యాహ్నం అన్నం ఒక వాయి తగ్గించమంది. తాతయ్య నాలుగు ముక్కలు లెక్కపెట్టుకుని తిన్నారు. రెండు గంటలకు మీటరు 287 చూపించింది. ఇల్లంతా నిశ్శబ్దం. మనవడు తాతయ్య వేలు వాసన చూశాడు. “తాతయ్యా, మళ్లీ టెంక చీకావు కదూ!” చేతులు సబ్బుతో కడిగి, తుడిచి, మరో వేలు గుచ్చితే 163. వేలికంటిన పండు రసంలోని చక్కెర రక్తపు బొట్టులో కలిసిందంతే. శానిటైజరు రాసుకున్నా ఆ జిగురు పూర్తిగా పోకపోవచ్చు, నీళ్లతో కడగాల్సిందే.

మూడు నెలలకు హెచ్‌బీఏ1సీ 7.2 వచ్చింది. ఇంకా దించాలా అని కోడలు అడిగితే డాక్టరు వద్దన్నారు. ఈ వయసులో షుగర్ మరీ దిగిపోయి పడిపోవడం ఇంకా ప్రమాదమని, ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లకు ఏడూ ఏడున్నర మధ్య చాలని చెప్పారు. గ్లిమెపిరైడ్ పూర్తిగా ఆపేశారు. తగ్గిన నాలుగు కిలోల్లో రెండు తిరిగొచ్చాయి.

శ్రావణంలో మేనకోడలి కూతురి పెళ్లి. పంక్తిలో తాతయ్య కూర్చోగానే కుర్రాడొకడు అన్నం గంప పట్టుకొచ్చి విస్తట్లో ఓ గుట్ట పోయబోయాడు. తాతయ్య అరచెయ్యి అడ్డం పెట్టి, “అది తర్వాత తెద్దువుగాని” అన్నారు. “ముందు ఆ గుత్తి వంకాయ పట్రా నాయనా. చారుకు ఓ గ్లాసు కూడా.”