“వెరీ హ్యూజ్” అంటే తప్పేమిటి?

ప్రశ్న: కదిరి దగ్గరి తిమ్మమ్మ మర్రిమాను చూసొచ్చి మా అమ్మాయి ఇంగ్లిషులో వ్యాసం రాసింది. “వెరీ హ్యూజ్ ట్రీ” అన్నచోట ‘వెరీ’ని టీచర్ కొట్టేశారు. “వెరీ బిగ్” అయితే ఫర్వాలేదట. ఎందుకలా? అసలు బిగ్, లార్జ్, హ్యూజ్, ఎనార్మస్‌లలో ఏది ఎక్కడ వాడాలి?

జవాబు: టీచరుగారు కొట్టేసింది కొట్టేయాల్సిన మాటనే. ‘బిగ్’ అంటే పెద్దది అని మాత్రమే. ఎంత పెద్దదో ఆ మాట చెప్పదు. అందుకే దాని ముందు కొంచెం, చాలా, మరీ అని ఏదో ఒకటి చేర్చుకోవచ్చు. ‘హ్యూజ్’లోనూ ‘ఎనార్మస్’లోనూ ఆ ‘చాలా’ ముందే కలిసిపోయి ఉంది. నీళ్లు చాలా వేడిగా ఉన్నాయంటాం గానీ, చాలా సలసలా కాగుతున్నాయి అనం కదా! ఇదీ అంతే.

ఇంకా నొక్కి చెప్పాలంటే “అబ్సల్యూట్లీ హ్యూజ్” అంటారు. ఆ ‘అబ్సల్యూట్లీ’ మళ్లీ ‘బిగ్’ పక్కన ఇమడదు. ఒక మాట ఏ మెట్టు మీదుందో తెలుసుకోవడానికి ఇది మంచి పరీక్ష: వెరీతో కుదిరితే కింది మెట్టు, అబ్సల్యూట్లీతో కుదిరితే పైమెట్టు. తేల్చుకోలేకపోతే ‘రియల్లీ’ వాడేయండి, అది రెండింటికీ సరిపోతుంది.

బిగ్, లార్జ్‌ల మధ్య మెట్ల తేడా లేదు. తేడా అంతా జతలో ఉంది. నంబర్, అమౌంట్ లాంటి లెక్కల మాటలకు లార్జ్ అలవాటు. మిస్టేక్, డెసిషన్‌లకు బిగ్. పెద్దన్నయ్య ‘బిగ్ బ్రదర్’ అవుతాడు. ‘లార్జ్ బ్రదర్’ అన్నారో, ఆయన ఒంటి గురించి మాట్లాడినట్టే!

హ్యూజ్, ఎనార్మస్‌లలో ఏది పెద్దదని అడిగితే మాత్రం నేను తేల్చి చెప్పలేను, నిఘంటువులే ఒకదానికి అర్థంగా రెండోదాన్ని ఇస్తాయి. మాటల్లో హ్యూజ్ ఎక్కువ, ఎనార్మస్ కాస్త రాతభాష. ఈ రెండోదాని పుట్టుక బాగుంటుంది. లాటిన్‌లో ‘నోర్మా’ అంటే వడ్రంగి మూలమట్టం. ఆ మట్టానికి ఒదగనిది ఎనార్మస్. ఒక్క జాగ్రత్త: ‘ఎనార్మిటీ’ని పరిమాణానికి వాడితే కొందరు ఒప్పుకోరు. వాళ్ల లెక్కలో దానర్థం ఘోరం, దారుణం.

ఇక మీ అమ్మాయి వ్యాసం. మొదటి పేరాలో ఇంటి ముందరి వేపచెట్టును కూడా ‘హ్యూజ్’ అని రాసిందేమో చూడండి. అక్కడే పైమెట్టు ఎక్కేస్తే మర్రిమాను దగ్గరికొచ్చేసరికి ఎక్కడానికి మెట్టుండదు. పిల్లలు ‘వెరీ’ తగిలించేది చాలాసార్లు అప్పుడే. వేపను ‘బిగ్’ దగ్గర ఆపమనండి. మర్రిమానుకు ఉత్త ‘ఎనార్మస్’ చాలు. దాని పక్కనే, కొమ్మలు దాదాపు ఐదెకరాలు కమ్ముకున్నాయని ఒక్క వాక్యం రాయమనండి.